ఎడమ పేజీ, కుడి పేజీ, ఆతియా వంట

వైరాలో ముప్పై ఏళ్లుగా పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే హమీద్‌ది ఒకటే పద్ధతి. ముందు పైన పెద్ద ఫోటో పెడతాడు. దాని కింద మాటలన్నీ నడిమధ్యకు సర్దుతాడు. చుట్టూ పూలతీగ పాకిస్తాడు. భార్య కోసం మొదలుపెట్టిన వంట పుస్తకంలో మొదటి పేజీ కూడా అలాగే చేశాడు.

ఆతియాది మరపు జబ్బు. చేతులకు పని గుర్తుంది, వరుస పోయింది. ఉల్లిపాయను ఇప్పటికీ వెన్నెల కనపడేంత పలుచగా తరుగుతుంది. తరిగాక ఏం చేయాలో తెలియక తడి వేళ్లతో నిలబడిపోతుంది. కల్లూరు బడిలో నేర్చిన తెలుగు మాత్రం పోలేదు, ఏ కాగితమిచ్చినా గడగడా చదువుతుంది. ఆ చదువు మీదే హమీద్ ఆశంతా.

ఆమె గ్యాస్ ఆపడం మరిచిన రోజునే, ఖమ్మంలో ఉండే కూతురు ఫాయిజా తండ్రికి ఫోన్‌లో తేల్చి చెప్పింది. "ఆదివారం వస్త అబ్బా. ఎవ్వరం చెప్పకుంట అమ్మీ ఒక్క వంట సక్కగ చేస్తే సరే. లేకుంటే సిలిండర్ తీసేసి ఇద్దర్నీ నా దగ్గరికి తీస్కపోత."

ఆ తర్వాత హమీద్ పొయ్యి దగ్గరికి రానివ్వని రెండు రోజులూ ఆతియా అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వీపు హమీద్‌ను నిద్రపోనివ్వలేదు.

ఫాయిజా అడిగిన ఆ ఒక్క వంటకు బగారా అన్నాన్ని ఎంచుకుని, అతను తనే వండుతూ ఫోటోలు తీసి, పేజీ చేసి, పొయ్యి పక్కన నిలబెట్టాడు. పదార్థాలకు ఒకటి నుంచి పది దాకా అంకెలు, కింద చేసే విధానానికి మళ్లీ ఒకటి నుంచి. ఆతియా వేలు పెట్టి చదివింది. ఒకటి బియ్యం, రెండు నూనె, మూడు ఉప్పు. పదీ గిన్నెలో వేసి ఆగింది.

"ఫాయిజా అబ్బా, మళ్ల ఒకటి ఎందుకొచ్చింది?" అని హమీద్‌ను అడిగింది.

పదార్థాల అంకెలు తీసేశాడు. మర్నాడు ఆమె ఉల్లిపాయలు వేగకముందే పొయ్యి ఆపి, పైనున్న ఫోటో చూపించింది. అందులో అన్నం పొగలు కక్కుతోంది.

"అయిపోయింది కద. నీకు కండ్లు కనపడ్తలేవా?"

ఆ ఫోటో తీసేశాడు. మిగతా మెట్లు కాగితం వెనకవైపు ఉండడంతో గురువారం ఆరో మెట్టు దగ్గర పేజీ తిప్పాల్సి వచ్చింది. తిప్పిన చేయి మళ్లీ వెనక్కి తిప్పింది. ఉప్పు రెండోసారి పడింది.

ఆమె తప్పేమీ లేదని, తప్పంతా తన పేజీదేనని హమీద్‌కు అప్పుడు తెలిసింది. చూసి మెచ్చుకునే కాగితాలే తప్ప, పట్టుకుని నడిచే కాగితం అతను ఎన్నడూ చేయలేదు. పుస్తకం తెరిస్తే ఎదురెదురుగా కనపడే రెండు పేజీలూ ఒకే వంటకు ఇచ్చాడు. ఎడమవైపు పదార్థాలు, గిన్నెలో పడే వరుసలోనే, పక్కన కొలతలతో. కుడివైపు పని. అంకెకు ఒక్క పనే. అంకెలు లావుగా అంచున, మాటలు ఎడమకు ఆనుకుని. ఒక్కో మెట్టు పక్కన, అది అయ్యాక గిన్నె ఎలా ఉండాలో చూపే చిన్న ఫోటో. చోటు చాలకపోతే ఫోటోలను కుదించాడు, అక్షరాలను కుదించలేదు. పూలతీగ తీసేశాడు. "మంట ఆపాలి" అన్నదాన్ని చివరి అంకెగా విడిగా పెట్టి, పక్కన పొయ్యి పిడి ఫోటో అతికించాడు.

ఆదివారం ఆతియా చూపుడువేలు కుడి పేజీ మీద చీమలా దిగింది. బియ్యం నానాయి, మసాలా వేగింది, పుదీనా పడింది, ఎసరు మరిగింది. ఉప్పు ఒక్కసారే పడింది. చివరి అంకె దగ్గర ఆమె పిడి తిప్పింది. ఫాయిజా ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"సిలిండర్ ఉండనియ్ అబ్బా," అంది. తర్వాత తల వంచుకుంది. "దీంట్లకు దాల్చా ఉండాలె. అది నాకు రాదు. అమ్మీకే వచ్చు. ఆమెకు యాదున్నన్ని రోజులల్ల ఎన్ని వంటలైతే అన్ని పుస్తకంల ఎక్కించాలె. ఇప్పుడే చేయించు, జల్దీ."

మధ్యాహ్నమే మొదలుపెట్టారు. హమీద్ ఫోన్ పట్టుకుని ప్రతి కదలికనూ ఫోటో తీశాడు. మటన్, శనగపప్పు ఉడికాయి. సొరకాయ ముక్కలు పళ్లెంలో ఉన్నాయి, చింతపండు రసం గిన్నెలో ఉంది. ఆతియా రసం గిన్నె ఎత్తింది, దించింది. పళ్లెం ఎత్తింది. అది కూడా దించింది.

పుస్తకం వైపు తిరిగి పేజీ తిప్పింది. తెల్ల కాగితం. ఇంకొకటి తిప్పింది.

"ఇంక రాయలేదా?"

"నువ్వు చేస్తే రాస్త, ఆతియా."

"నువ్వు రాస్తే చేస్త," అంది ఆమె, చిన్నపిల్లకు చెప్పినంత ఓపికగా.

"ముందు సొరకాయేమో," అంది ఫాయిజా. ఆతియా ఇంకో తెల్ల కాగితం తిప్పింది. హమీద్ ఫోన్‌లో గిన్నె ఒక్కటే కనపడుతోంది, అందులో పప్పు ఉడుకుతూనే ఉంది.