టేపు తెచ్చిన కొవ్వు

మెడ సన్నగా ఉండడం మనిషి తప్పెలా అవుతుంది?

వలలు లాగి నడుము రాయిలా గట్టిపడ్డ పొట్టి బైరాగి, పలాసలో కాపలా ఉద్యోగానికి వచ్చాడు. ఎంపికలో కొలతలు తీసే జిమ్ కోచ్ జానకిరామ్ టేపుతో కొలిచాడు. మెడ పదమూడు అంగుళాలు, నడుము ముప్పై అయిదు. ఎత్తూ కలిపి లెక్కేస్తే ఒంట్లో కొవ్వు ఇరవై ఏడు శాతం. హద్దు ఇరవై అయిదు.

తర్వాత పొడగరి అజయ్. మెడ పదిహేడు, బొజ్జ ముప్పై ఎనిమిది. "ఇరవై రెండు, పాస్!"

బైరాగి మండిపడ్డాడు. "ఏటి బావా! ఆడి పొట్ట నొక్కి సూడు, నా నడుం నొక్కి సూడు!"

"టేపుకి గట్టీ మెత్తా తెల్దురా. నడుంలోంచి మెడ తీసి, ఎత్తు సూత్తాది, అంతే. మెడ సన్నమైనా, మడిసి పొట్టయినా కొవ్వు ఎక్కువ సూపిత్తాది. ఒళ్లు తీరుని బట్టి లెక్క తప్పుతాది."

"తప్పని తెలిసీ నా నోటికాడ కూడు లాగేత్తావా?"

జానకిరామ్ తలదించుకుని పేరు కొట్టేశాడు. బైరాగి చొక్కా భుజాన వేసుకుని గేటు దాటిపోయాడు.