స్టాంపు వేయని టీచర్

ప్రిన్సిపాల్ మధుసూదనరావు స్టాంపుల డబ్బా తెచ్చి స్టాఫ్‌రూం బల్ల మీద పెట్టగానే సుచరిత ఒక్కొక్కటి తిప్పి చూసింది. ఒకదాని మీద ‘నువ్వు మేధావివి’, ఇంకోదాని మీద ‘పుట్టుకతోనే రచయితవి’.

“పిల్లల వ్యాసాల మీద కొట్టండి. పేరెంట్స్ మీటింగ్‌లో తల్లిదండ్రులు మురిసిపోవాలె,” అన్నాడు.

సుచరిత ఘుగ్గుస్ బొగ్గు గని కార్మికుడు రాజం కూతురు. మహారాష్ట్ర చంద్రపూర్‌లోని ఆ ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి మరాఠీ చెబుతుంది. క్లాసులో శ్రావణికి నిరుడు ప్రతి వ్యాసం మీదా అలాంటి పొగడ్తే పడింది. ఆ పొగడ్త పోతుందన్న భయంతో ఆ పిల్ల తెలిసిన విషయం తప్ప కొత్తది ముట్టుకోవడమే మానేసింది. సుచరితకు ఒళ్లు మండేది అందుకే. చదవకుండా పొగడటమంటే ఆమెకు ఎంగిలి విస్తరి ముందు పెట్టినట్టే.

ఈసారి శ్రావణి ‘మా ఊరి దుమ్ము’ మీద రాసింది. సుచరిత స్టాంపు కొట్టలేదు, మార్కులూ వేయలేదు. అంకె కనబడితే పిల్లలు కింది మాట చదవరు. అంచున ఇలా రాసింది: ‘మొదటి పేరాలో లారీల చప్పుడు వినిపించింది, అది అట్లనే ఉంచు. రెండో పేరాలో దగ్గు పెరిగిందన్నవు. ఎవరికి? ఎప్పటి నుంచి? ఇద్దరిని అడిగి, వాళ్ల మాటలు చేర్చి ఆ పేరా మళ్లీ రాయి.’

శ్రావణి కళ్లనీళ్లు పెట్టుకుంది. “నేను తెలివైనదాన్ని కాదా టీచర్?”

“నీ గురించి నేనేం రాయలే బిడ్డా. రెండో పేరా గురించే రాసిన. రేపటి పీరియడ్ మొత్తం దానికే.”

మర్నాడు పిల్లలంతా తిరగరాశారు. శ్రావణి వ్యాసంలోకి పక్కింటి సమ్మక్క వచ్చింది. ఆరేసిన బట్టలు నల్లబడుతున్నాయని, మనవడికి చలికాలమంతా దగ్గేనని ఆమె చెప్పిన మాటలతో ఆ పేరా బతికింది.

ఆ తర్వాత శ్రావణి తండ్రి సదానందం వచ్చి ప్రిన్సిపాల్‌తో గొడవ పడ్డాడు. “స్టాంపు వేయకుండా ఆ టీచర్ నా బిడ్డను తక్కువ చేసింది,” అన్నాడు.

మధుసూదనరావు తిరగరాసిన వ్యాసం చదవలేదు. సుచరిత చూస్తుండగానే సమ్మక్క మాటల మీద ‘నువ్వు మేధావివి’ అని స్టాంపు కొట్టి, “ఇక సంతోషమేనా?” అని ఆ కాగితం సదానందానికి ఇచ్చాడు. సదానందం నవ్వాడు. ఎర్ర సిరా ఆ ముసలామె మాటల మీద పారింది. సుచరితకు ఆ స్టాంపూ ఆ నవ్వూ రెండూ వెగటుగా తోచాయి.

“అక్కడ ఏం రాసిందో చదివినరా సార్?” అని అడిగింది.

వారం తిరగకముందే ఆమెను తొమ్మిదో తరగతి నుంచి తీసి ఐదో తరగతికి వేశారు.

ఒకరోజు ఇంటర్వెల్‌లో శ్రావణి కొత్త వ్యాసం పట్టుకుని ఐదో తరగతి గుమ్మంలో నిలబడింది. “టీచర్, కొత్త సారు బాగుందన్నడు. ఏం బాగుందో చెప్పలే. ముగింపు నాకే నచ్చుతలేదు.”

“ఎక్కడ నచ్చుతలేదో వేలు పెట్టి చూపియ్,” అంది సుచరిత, కాగితం అందుకుంటూ.