ఆ లైనింగ్ కత్తిరించింది నేను

సూరత్‌లో మా తెలంగాణవాళ్ల గల్లీల్లో ఒక దర్జీ అక్క గురించి ఇప్పటికీ ఒక మాట వినిపిస్తుంది. ఆమె కుట్టు నిలవదట. ఆ మాట పుట్టింది నా నోట్లోంచే. దాన్ని వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

తొంభైల నడిమి సంగతి. ఖటోదరాలో ఒక రేకుల షెడ్డు. ముందు భాగంలో పెట్టికోట్లు, వెనక నాలుగు మిషన్ల మీద ఈత బట్టలు. నేను కటింగ్ మాస్టర్ని. మా నాన్న మరమగ్గాల మీద పనిచేసేవాడు, నేనూ పదహారేళ్లకే మగ్గం దగ్గర నిలబడ్డవాణ్ణి. కత్తెర తర్వాత పట్టాను. చేతికి మాత్రం మగ్గం బుద్ధి పోలేదు.

ఒక ఆడపిల్లల బడి ఈత జట్టుకు ఇరవై నాలుగు సూట్లు కుట్టే పని వచ్చింది. అంతకుముందు మేం కుట్టిన నైలాన్ లైక్రా సూట్లు ఒక్క సీజన్ కూడా ఆగేవి కావు. ఈత కొలను నీళ్లలోని క్లోరిన్ లైక్రా అనే ఆ సాగే దారాన్ని తినేస్తుంది, బట్ట వదులై మోకాళ్ల దాకా వేలాడుతుంది. ఈసారి షెడ్డు యజమాని సేఠ్ బొంబాయి నుంచి కొత్త బట్ట తెప్పించాడు. లైక్రా లేని పాలిస్టర్ అల్లిక, దారంలోనే సాగే గుణం ఉంది. నేను దాని ముక్కనూ పాత బట్ట ముక్కనూ కలిపి బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కొన్ని రోజులు నానబెట్టాను. పాతది లాగితే లాగినట్టే ఉండిపోయింది. కొత్తది మళ్లీ దగ్గరికొచ్చింది. కాకపోతే ఇది లైక్రా అంత సాగదు. అందుకని కొలతలో తప్పుకు చోటు తక్కువ.

ఎలాస్టిక్ పని అక్కది. నాకంటే నాలుగేళ్లు పెద్దది, కరీంనగర్ వైపు మనిషి, భర్త మగ్గాల్లో పని మానేసి ఇంటి దగ్గరే ఉండేవాడు. అప్పటిదాకా ఆమెది పీసు లెక్క పని. ఈ ఆర్డర్ బాగా పోతే నెలజీతం మీద పెట్టుకుంటానని సేఠ్ అందరి ముందూ అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె టీకి కూడా లేవలేదు.

ఆమె చేతిలో ఎలాస్టిక్ మాట వినేది. కాలి అంచుకు ముందు వైపు బట్టతో సమానంగా వదిలేది, వెనక వైపుకు వచ్చేసరికి కొంచెం లాగి పట్టేది, పిరుదుల కింద జారకుండా. మొదట లోపలి వైపు జిగ్‌జాగ్ కుట్టుతో అంచుకు పట్టించి, తర్వాత ఒక్క మడత లోపలికి మడిచి పైనుంచి మళ్లీ జిగ్‌జాగ్ వేసేది. తిన్నని కుట్టైతే బట్ట సాగినప్పుడు దారం తెగుతుంది. ప్రతి పీసునూ రెండు చేతుల్లో బారున లాగి చెవి దగ్గర పెట్టుకునేది. దారం టప్పుమంటే విప్పి మళ్లీ కుట్టేది.

రెండో రోజే ఆమె పీసు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, గీ ముందు లైనింగ్ జర చూడు. పైబట్ట అడ్డంగ సాగుతుంది, ఇది సాగుతలేదు. గుంజితే బరువంత కుట్టు మీద పడుతుంది."

"లైనింగ్ లైనింగే అక్కా. పడుగు నిలువుగనే ఉంటది. నీకు మగ్గం తెల్వదు."

"మగ్గం మీద ఈత కొడ్తరా పిల్లలు?" అంది. పక్క మిషను అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వే నాకు గుచ్చుకుంది.

"నీ కుట్టు నువ్వు చూస్కో," అన్నాను.

ఆ పైబట్ట అడ్డంగా ఎక్కువ సాగేది. దాన్ని నిలువుగా పరిచి కత్తిరిస్తే ఒంటి చుట్టూ సాగుతుంది, అది సరే. లైనింగ్ బట్ట వేరే అల్లిక. అది పొడవునే ఎక్కువ సాగుతుంది. దాన్ని అడ్డం తిప్పి పరచాలి. అట్లా చేస్తే బట్ట కొంత వృథా అవుతుంది కూడా. నేను తిప్పలేదు. పడుగు దారం నిలువుగానే పోవాలని మగ్గం నేర్పిన నా చేయి చెప్పింది, చేయి మాట విన్నాను. చేత్తో ఒకసారి లాగి చూస్తే సరిపోయేది.

పోటీకి వారం ముందు పిల్లలు వేసుకుని చూశారు. మర్నాడు పొద్దున కోచ్ మేడం సంచీ తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. తొమ్మిది సూట్లకు కాలి అంచు దగ్గర కుట్టు తెగి లైనింగ్ ఊడొచ్చింది. వాటిలో ఒకదానికి ఎలాస్టిక్ బయటికి తిరిగింది.

సేఠ్ ఒకదాన్ని ఎత్తి పట్టుకున్నాడు. "యే కిస్కా కామ్ హై?" ఎవరి పని ఇది అని.

అక్క నా వైపు చూసింది. నేను చెప్పాలని చూసింది. నా చేతులు ఊరికే ఉండలేదు, చాక్‌పీసు తీశాను, పెట్టాను, టేపు చుట్టాను. చివరికి అన్నాను: "సిలాయీ ఉస్కీ హై సేఠ్. టైట్ ఖీంచ్‌కే సీతీ హై."

కుట్టు ఆమెదని, బిగించి లాగి కుడుతుందని. అబద్ధం కూడా వృత్తి భాషలో చెబితే నిజంలాగా ఉంటుంది.

"గట్లనా తమ్మీ?" అంది అక్క. అంతే. సేఠ్ ఆమెను సాయంత్రం వరకూ కూడా ఉండనివ్వలేదు. తన కత్తెర, డబ్బా సర్దుకుని, కుర్చీ మీద వేసుకునే పాత దిండు మర్చిపోయి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం నేనొక సూటు కుట్లు విప్పాను. లైనింగ్ ముక్కను అడ్డంగా లాగాను. కదల్లేదు. నిలువుగా లాగాను. సాగింది. కూర్చోలేకపోయాను. షెడ్డు చుట్టూ తిరిగొచ్చాను, నీళ్లు తాగాను, మళ్లీ లాగాను. సేఠ్ పది అడుగుల దూరంలో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ పది అడుగులు నడవలేదు. బల్ల దగ్గరికొచ్చి లైనింగ్ అడ్డం తిప్పి పరిచి మళ్లీ కత్తిరించాను. మిగిలిన మిషన్లవాళ్లు కుట్టారు. సూట్లు పోటీ దాటాయి, ఆ సీజనంతా ఆగాయి. "మాస్టర్‌నే బచా లియా," అన్నాడు సేఠ్. నేనే కాపాడానట. తల ఊపాను.

ఈలోగా ఆమె కుట్టు నిలవదన్న మాట గల్లీలో పాకింది. రెండు షెడ్లలో అడిగితే ఆమెను తీసుకోలేదని విన్నాను. తర్వాత సూరత్ దగ్గరి కిమ్ ఊళ్లో గోనెసంచులు కుట్టే చోట కుదిరింది.

మూడు నెలలకు ఒక ఆదివారం, సరిచేసిన సూటొకటి కాగితంలో చుట్టుకుని కిమ్ వెళ్లాను. రైల్లో సీటు దొరికినా నిలబడే ఉన్నాను. అక్క గది ముందు గట్టు మీద పాత చీరకు అంచు కుడుతోంది. భర్త లోపల నిద్రపోతున్నాడు.

"ఏంది, మాస్టర్ సాబ్ గింత దూరం?"

సూటు ఇచ్చాను. ఆమె లోపలికి తిప్పి లైనింగ్ చూసింది, అడ్డంగా లాగింది. కాలి అంచు వేళ్లతో తడిమి చూసింది.

"వెనుక ఎలాస్టిక్ మస్తు గుంజిండ్రు. కుచ్చులు వస్తున్నయ్. పిల్లల తొడలకు అచ్చులు పడ్తయ్ గద."

"తప్పు నాదే అక్కా. లైనింగ్ నేనే తప్పు కోసిన."

"అది నాకు రెండో రోజే తెలుసు. సేఠ్‌కు చెప్పినవా?"

నేను కాగితం మడతపెట్టాను, మళ్లీ విప్పాను.

"మరి నాకెందుకు చెప్తున్నవ్ తమ్మీ?" అని సూటు నా చేతిలో పెట్టి, మళ్లీ సూది అందుకుంది.

తిరిగొచ్చాక సోమవారం చెబుదామనుకున్నాను. సోమవారం కొత్త ఆర్డర్ వచ్చింది. తర్వాత మూడేళ్లు ఆ షెడ్డులోనే పనిచేశాను, మాస్టర్ అని పిలిపించుకుంటూ. షెడ్డు మూతపడ్డ రోజు కూడా సేఠ్‌కు చెప్పలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

అందుకే ఇప్పుడు ఆ గల్లీలవాళ్లకు చెబుతున్నాను. ఆమె వేసిన కుట్టు ఒక్కటి కూడా తనంతట తాను తెగలేదు. తొమ్మిది సూట్లూ నేను లైనింగ్ తప్పుగా కత్తిరించినందుకే చెడ్డాయి.