చేయి ముట్టని అరవై

మా వార్డు నర్సు మహానుభావుడికి నాడి చూడటమంటే ఒళ్లు బరువు. పేస్‌మేకర్‌ను నిమిషానికి అరవైకి పెడితే, సెకను గడిచినా గుండె కొట్టుకోకపోతే అదే కొట్టిస్తుంది. నాడి అంతకన్నా తగ్గడం అరుదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని, పేస్‌మేకర్ ఉన్న ప్రతి రోగికీ చేయి ముట్టకుండా అరవై రాసేస్తూ పదేళ్లు నెట్టుకొచ్చాడు ఘనుడు.

ఆ రోజు ఒక రోగి కూతురు పరుగున వచ్చింది.

“అన్నా, అమ్మకి కళ్లు తిరుగుతున్నాయి. నాడి నలభైయే ఉంది!”

“మిషనుందిగా తల్లీ, తగ్గదు. నీకు లెక్కపెట్టడం రాలేదేమో.”

హెడ్ నర్సుగా నేనే వెళ్లి ఈసీజీ తీయించాను. మిషను సంకేతాలు పంపుతూనే ఉంది. లోపలి తీగ జరిగిపోయి గుండె అందుకోవడం లేదు. ఆవిడను హుటాహుటిన ఆపరేషన్‌కు తరలించాం.

తిరిగొచ్చి ఆవిడ చార్టు చూశాను. ఖాళీ మంచానికి కూడా అరవై రాసి సంతకం పెట్టాడు.