ఫోను కాదన్న మాత్ర

విడవలూరులో మందుల షాపు పెట్టినప్పటి నుంచీ నాకొక రోషం ఉంది. నేను అమ్మిన మందును ఎవరైనా అనుమానిస్తే ముందు కోపం వస్తుంది, తర్వాతే బుర్ర పనిచేస్తుంది. చేపలమ్మే అక్క మాత్రల అట్ట తెచ్చి కౌంటర్ మీద పెట్టినప్పుడూ అంతే.

"ఇది దొంగ మందన్నా. పొద్దున ఆయన్ని వేసుకోనియ్యలేదు."

"ఎవురు చెప్పినారక్కా?"

"నా ఫోనే చెప్పింది."

ఆమె భర్తకు గుండెలో స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఈ మాత్ర వేసుకోవాలి. ఈసారి కంపెనీ అట్ట రంగు మార్చేసరికి ఆమెకు అనుమానం వచ్చి, వెనకనున్న క్యూఆర్ కోడ్‌ను డబ్బులు పంపుకునే యాప్‌లో స్కాన్ చేసింది. కోడ్ చెల్లదని వచ్చింది. చేపల బేరంలో చెల్లని కోడ్ అంటే డబ్బు రాదు. మందుకూ అదే లెక్క వేసుకుంది.

నా కోపం పోయి భయం పట్టుకుంది. స్టెంట్ వేసిన మనిషి ఈ మాత్ర తనంతట తాను ఆపకూడదు.

"ఆ యాప్‌కి డబ్బుల కోడ్‌లే తెలుస్తాయక్కా, మందుల సంగతి దానికి తెలీదు. ఇట్టా తే, నా ఫోన్లో చూపిస్తా."

"నీ ఫోన్లో ఎందుకు? నా దాంట్లోనే చూపించు."

నిజమే కదా అనిపించింది, కాస్త ఒళ్లు మండినా. ఆమె ఫోన్ కెమెరానే కోడ్ మీద పెట్టించాను. మందు పేరు, కంపెనీ చిరునామా, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు వచ్చాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు గానీ అంకెల దగ్గర ఆమెను ఎవరూ మోసం చేయలేరు. బ్యాచ్ నంబరు మీద వేలు పెట్టి, అట్ట మీద అచ్చుతో ఒక్కో అంకె కలిపి చూసుకుంది. గడువు తేదీ కూడా.

"రెండూ కలవకపోతే?"

"వేసుకోవద్దు. నా దగ్గరికి తీసుకురా."

కోడ్‌ను కూడా కాపీ కొట్టే ఘనులు ఉంటారు కాబట్టి, సరుకు వచ్చిన బిల్లు తీసి అందులోని బ్యాచ్ కూడా చూపించాను. అన్నీ కలిశాయి.

ఆమె భర్త బయట బండి మీద కూర్చుని ఉన్నాడు. మాత్ర తప్పిందని హుషారుగా ఉన్న మనిషిని లోపలికి పిలిచాం.

"ఇంక తప్పదా అన్నా?"

"తప్పదు. ఈ పూటది ఒక్కటే వేసుకో."

నేనిచ్చిన నీళ్లతో మింగాడు. అంతసేపూ నన్ను నిలదీసిన అక్క బల్ల మీద కూలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నిన్న ఇదే అట్టలోది నా చేత్తోనే ఒకటి మింగించినానన్నా. పొద్దున ఫోన్ అట్టా చెప్పినప్పటి నుంచీ ఆయన ముఖమే చూస్తా ఉండా."