స్టెప్నీకి సెలవు

మా ఆఫీసులో సెలవు కావాలంటే మేనేజరు గారికి మెయిల్ పెట్టాలి. ఎన్ని రోజులు, ఎందుకు, చేతిలో ఏయే పనులున్నాయి, మనం లేనప్పుడు వాటిని ఎవరు చూస్తారు. ఈ నాలుగూ రాయాలి. ఆయన నిజంగా చదివేది నాలుగోదొక్కటే. ఆ నాలుగో చోట మేమందరం ఏళ్ళ తరబడి ఒకే పేరు రాస్తూ వచ్చాం.

ఆ పేరుగల మనిషిని మేం స్టెప్నీ గారంటాం. కారు వెనక పడుండే అదనపు చక్రం ఎలాగో ఆయనా అలాగేనని ఎవరో సరదాకి పెట్టారు. ఆయనా నవ్వుతూ పలికాడు. దాంతో అసలు పేరు జీతం కాగితం మీద, ఈ సెలవు మెయిళ్ళలో తప్ప ఎక్కడా మిగల్లేదు. నేను మాత్రం బాబాయ్ గారూ అనేదాన్ని. అంత మాత్రాన నేను మిగతావాళ్ళకంటే మంచిదాన్నని అనుకోకండి. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. అపార్ట్‌మెంట్లు, దుకాణాలు, ఆస్పత్రులు, ఎక్కడ లిఫ్టు ఆగినా ఫోన్ మాకే వస్తుంది. మేం ఆరుగురం. తలా ఒక ఏరియా. ఫిర్యాదు రాసుకోవడం, మెకానిక్‌ని పంపడం, విడిభాగాలు తెప్పించడం, తనిఖీ తేదీలు ఖాయం చేయడం మా పని. స్టెప్నీ గారికి తన ఏరియాతో పాటు మా అయిదుగురి ఏరియాలూ కొట్టినపిండి. ఏ వాచ్‌మన్‌కి కోపమెక్కువ, ఏ బిల్డింగులో మెషిన్ గది తాళం ఎవరి దగ్గరుంటుంది, అన్నీ నోటికి వచ్చు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారే, అదే జరిగింది. ఒకరి మరిది పెళ్ళికి, ఒకరి విహారయాత్రకి, నా కాన్పుకి, అన్నిటికీ ఆయనే. నేను సెలవులో ఉన్న నాలుగు నెలలూ ఒక్కసారి కూడా ఫోన్ చేసి ఫలానా ఫైలు ఎక్కడుందని అడగలేదు.

ఆయనకి భార్య లేదు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక్క అక్క. తల్లి పోయాక పెంచింది ఆవిడే. ఆరేళ్ళ క్రితం ఆవిడ కొడుకు పెళ్ళికి ఈయన వెళ్ళలేదు. ఆ వారం మా ఆఫీసులో ఇద్దరు సెలవులో ఉన్నారు, ఇద్దరి మెయిళ్ళలోనూ ఈయన పేరే ఉంది. అక్క అయిదేళ్ళు మాట్లాడటం మానేసింది. ఈ మధ్యనే మళ్ళీ పలకరింపులు మొదలయ్యాయి. ఇప్పుడు కూతురి పెళ్ళి. అక్కే స్వయంగా ఫోన్ చేసింది. పక్క సీటు కాబట్టి నాకూ వినిపించింది.

"ఒరేయ్, నిన్ను బతిమాలను. వస్తే వచ్చావు. ఈసారీ రాలేదనుకో, నాకు తమ్ముడు లేడనే అనుకుంటాను. మళ్ళీ ఫోన్ చెయ్యొద్దు."

"వస్తానక్కా. వారం ముందే వచ్చి నీ గుమ్మంలో కూర్చుంటా" అన్నాడు. వారం సంగతి దేవుడెరుగు, రెండు రోజులు దొరికితే చాలని ఆయనకీ తెలుసు.

మూడు వారాల ముందే మెయిల్ పెట్టాడు. శుక్రవారం, సోమవారం, రెండు రోజులు మాత్రమే. గురువారం సాయంత్రం అయిదింటి దాకా పనిచేసి అయిదున్నర రైలెక్కుతాడు. పెళ్ళి శుక్రవారం పది గంటలకి. అక్క వాళ్ళ ఊరికి రోజుకి ఒక్కటే రైలు, పన్నెండు గంటల ప్రయాణం. మేనేజరు గారి జవాబు ఒక్క ముక్కలో వచ్చింది. "మీ పనులు ఎవరు చూస్తారు?"

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. అందరి సెలవులకీ తన పేరిచ్చిన మనిషి, తన సెలవుకి పేరు రాయడానికి మనిషి లేక సీటు సీటుకీ తిరిగాడు. ఒకాయన "అబ్బే, ఆ రోజు నాకు తనిఖీలున్నాయండీ" అన్నాడు. ఒకావిడ "మీ ఏరియా నాకు తెలీదు కదా, తప్పులు దొర్లితే నా మీదకొస్తుంది" అంది. ఇంకొకడు హెడ్‌ఫోన్ తియ్యకుండానే తల అడ్డంగా ఊపాడు. వీళ్ళందరి మెయిళ్ళలోనూ ఎన్నిసార్లు ఆయన పేరుందో నేను లెక్కపెట్టగలను. నా మెయిళ్ళలో కూడా.

చివరికి నా దగ్గరికొచ్చాడు. అడగడానికి సిగ్గుపడుతూ నా టేబుల్ మీది పెన్నులు సర్దాడు.

"నేను చూసుకుంటా బాబాయ్ గారూ. మీరు నిశ్చింతగా వెళ్ళి రండి" అన్నాను. ఆ క్షణాన నా మీద నాకే ముచ్చటేసింది.

ఆయన మళ్ళీ రాసిన మెయిల్ నా దగ్గర ఇంకా ఉంది, నాకూ కాపీ పెట్టాడు కాబట్టి.

"నమస్కారం సార్. మా మేనకోడలి పెళ్ళి కారణంగా శుక్ర, సోమవారాలు రెండు రోజులు సెలవు కోరుతున్నాను. మంగళవారం ఉదయం డ్యూటీలో ఉంటాను. శుక్రవారం ఉదయం పది నుంచి నాలుగు వరకు ఆస్పత్రి రెండో లిఫ్టుకి రోప్‌లు మార్చాలి. లిఫ్టు ఆపడానికి ఆస్పత్రివారు రాసిచ్చిన అనుమతి తీసుకున్నాను. రోప్‌లు గోడౌన్‌కి వచ్చాయి, సీనియర్ మెకానిక్, ఇద్దరు సహాయకులు ఖాయం. ఆ సమయంలో రోగులను మొదటి లిఫ్టులో తీసుకెళ్తారు. పని పూర్తయ్యాక బరువు పెట్టి పరీక్షించి, ఆస్పత్రి ఇంజనీరు సంతకం తీసుకోవాలి. పెండింగ్‌లో ఉన్న ఏడు ఫిర్యాదుల వివరాలు, అందరి నంబర్లు షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టాను. పక్క సీటు మేడం గారు చూసుకోవడానికి ఒప్పుకున్నారు. బుధవారం ఆమెతో కూర్చుని అన్నీ అప్పగిస్తాను. దయచేసి అనుమతించగలరు."

మేడం గారు అన్నచోట నా పేరుంది లెండి. ఇంత శ్రద్ధగా రాసిన సెలవు మెయిల్ మా ఆఫీసులో ఇంకొకటి లేదు. మేనేజరు గారు రెండు రోజులకి జవాబిచ్చారు. "సరే. పని చూసేవారు ఉంటేనే." ఆ రెండో వాక్యాన్ని మేమెవరం పట్టించుకోలేదు. బుధవారం గంటన్నర కూర్చుని ఒక్కొక్కటీ అప్పగించాడు. మేనకోడలికి కొన్న పట్టుచీర తీసి చూపించాడు. "రంగు బాగుందా అమ్మాయ్? మగాణ్ణి, నాకేం తెలుసు" అన్నాడు. నిజంగానే బాగుంది.

గురువారం తెల్లవారేసరికి మా అబ్బాయికి ఒళ్ళు కాలిపోతోంది. వాంతులు. ఆస్పత్రికి పరుగెత్తాం. చేర్చుకుంటామన్నారు, రెండు రోజులు పడుతుందన్నారు. ఒక చేత్తో వాడి సెలైన్ చెయ్యి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీశాను. పంపిన మెయిళ్ళలో నా పాత సెలవు మెయిల్ దొరికింది. తేదీలు మార్చాను, కారణం మార్చాను, పంపేశాను.

నాలుగోది మార్చలేదు.

అందులో ఏముందో నాకు ఆ క్షణాన తట్టనే లేదు. పాత మెయిల్లో ఉన్నది ఉన్నట్టే వెళ్ళింది. నా పనులు స్టెప్నీ గారు చూసుకుంటారు, ఆయనతో మాట్లాడాను. మా అందరి చేతులకీ అలవాటైపోయిన వాక్యం అది. అయిదు నిమిషాల్లో మేనేజరు గారి జవాబు వచ్చింది. "సరే. బాబు జాగ్రత్త." ఎంత మంచివారో అనుకుని ఫోన్ సంచిలో పడేశాను.

మిగతాది తరవాత తెలిసింది. పదకొండింటికి మేనేజరు గారు ఆయన్ని గదిలోకి పిలిచారట. "మీ పని చూసేవాళ్ళే సెలవు పెట్టారు. పైగా వాళ్ళ పని మీరే చూస్తానన్నారట కదా? మాట్లాడానని రాశారే. ఆస్పత్రి పని వదిలేసి మీరెలా వెళ్తారు?" అన్నారట. మాట్లాడలేదని ఆయన చెప్పలేదు. చెబితే నేను అబద్ధం రాసినట్టవుతుంది, బిడ్డ ఆస్పత్రిలో ఉన్నదాన్ని. "సరేనండి" అని వచ్చి సీట్లో కూర్చున్నాడట. నాకు ఫోన్ చెయ్యలేదు. ఆ నాలుగు నెలలూ ఎలా చెయ్యలేదో అలాగే.

మా వాడికి జ్వరం దిగి కళ్ళు తెరిచేసరికి సాయంత్రం ఏడు. అప్పుడు చూశాను ఫోన్. మేనేజరు గారు ఆయనకి పెట్టిన మెయిల్, నాకూ కాపీ. "ప్రస్తుత పరిస్థితిలో మీ సెలవు ఆపుతున్నాం. వేరే తేదీలు చూసుకోగలరు." పెళ్ళికి వేరే తేదీ ఎక్కడినుంచి తెస్తారో!

వెంటనే ఆయనకి ఫోన్ చేశాను. "బాబాయ్ గారూ, పొరపాటైపోయింది. పాత మెయిల్. మీరు బయల్దేరండి. నేను ఇక్కణ్ణుంచే ఫోన్లు చూసుకుంటాను. మేనేజరు గారితో నేను మాట్లాడతాను."

"బండి వెళ్ళిపోయిందమ్మాయ్. బస్సులు మారి వెళ్ళినా రేపు మధ్యాహ్నం దాటుతుంది. బాబెలా ఉన్నాడు?"

వాడికి తగ్గిందని చెప్పి ఏడ్చాను. ఆయన ఓదార్చాడు, నన్ను! చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ తరవాత మేనేజరు గారికీ ఫోన్ చేశాను. "అయ్యో, ముందే చెప్పాల్సింది కదమ్మా" అన్నారు. ఆయన తప్పేముంది, నేను రాసిందే ఆయన చదివారు.

శుక్రవారం రోప్‌ల పని మూడింటికల్లా అయిపోయింది. మెకానిక్‌కి అన్నీ తెలుసు, కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఆస్పత్రి ఇంజనీరు సంతకం పెట్టాడు. రోజంతా కలిపి స్టెప్నీ గారికి ఆ పని మీద వచ్చినవి రెండు ఫోన్లు. ఒకటి పని మొదలైందని, రెండోది పూర్తయిందని. ఈ మధ్యలో ఆయన అక్కకి చేసిన ఫోన్లు ఎన్నో నాకు తెలీదు. ఒక్కటీ ఎత్తలేదని మాత్రం తెలుసు.

చీర కొరియర్‌లో పంపాడు. ఇంట్లో ఎవరూ ఉండరని పంపినవారి చిరునామా ఆఫీసుదే ఇచ్చాడు. పది రోజులకి ఆ ప్యాకెట్టు, వేసిన టేపు వేసినట్టే, నా కళ్ళముందే ఆయన టేబుల్ మీదకి తిరిగొచ్చింది. తీసుకోవడానికి నిరాకరించారు అని ముద్ర. దాన్ని తిప్పి చూసి, సొరుగు కింది అరలో పెట్టి, మోగుతున్న ఫోన్ ఎత్తాడు. "చెప్పండి, ఎన్నో అంతస్తులో ఆగింది? లోపల ఎవరైనా ఉన్నారా?"

ఇది జరిగి ఎనిమిది నెలలు. మొన్న మా ఆడపడుచు గృహప్రవేశానికి రెండు రోజులు సెలవు కావలసి వచ్చింది. మెయిల్ కొత్తగా మొదలుపెట్టాను. తేదీలు, కారణం, పనులు రాశాను. నాలుగో చోటికొచ్చి ఆగిపోయాను. లేచి, ఆయన్ని తప్ప అందరినీ అడిగొచ్చాను. తనిఖీలన్నారు, తెలీదన్నారు, తల అడ్డంగా ఊపారు. తిరిగొచ్చి ఖాళీ వరసని చూస్తూ కూర్చున్నాను.

పక్క సీటునుంచి చూస్తూనే ఉన్నాడు కాబోలు. కుర్చీ ఇటు జరిపాడు.

"నా పేరు రాసెయ్యమ్మాయ్" అన్నాడు.

"వద్దు బాబాయ్ గారూ. మీకేదైనా పని పడితే?"

"నాకింక ఏ ఫంక్షనూ లేదులే. పిలిచేవాళ్ళెవరున్నారు?"

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా, లిఫ్టు ఎన్నో అంతస్తులో ఆగిందని ఫోన్లో అడిగినట్టే అన్నాడు. నాలుగో చోట ఆయన పేరే రాశాను. మేనేజరు గారు అయిదు నిమిషాల్లో సరేనన్నారు.