అప్‌డేట్ చేయని కంప్యూటరు

మైపాడులో మొదటి ఎస్‌టీడీ బూత్ పెట్టింది పెంచలకృష్ణ. మొదటి జిరాక్స్ మిషను తెచ్చిందీ ఆయనే. దాన్ని నెల్లూరు నుంచి బస్సు టాపు మీద, కింద పరుపు వేసి, పక్కనే తానూ కూర్చుని పట్టుకొచ్చాడు. ఊరిబళ్లో పదో తరగతితో ఆగి, ఇంగ్లీషు దరఖాస్తులు తప్పు లేకుండా టైపు కొట్టిన మనిషి ఆ తీరం మొత్తం మీద ఆయనొక్కడే. ఈ మాటలన్నీ ఆయనే చెప్తాడు. అరవై ఏడేళ్ల మనిషి, చెప్పేవన్నీ నిజాలే కాబట్టి వినేవాళ్లు కాదనరు.

ఆ ఘనతల్లో ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది కొట్లో మూలనున్న పాత కంప్యూటరు. ఉప్పుగాలి తగలకుండా దానికి దుప్పటి కప్పుతాడు. శుక్రవారం పసుపు కుంకుమ పెడతాడు. కొన్ననాటి నుంచి ఒక్కసారి కూడా అప్‌డేట్ చేయలేదు. మొదట్లో తెర మూలన చిన్న చీటీ లేచి అప్‌డేట్ చేయమని అడిగేది. ‘తర్వాత’ అని నొక్కేవాడు. అడిగి అడిగి చివరికి అదే అడగడం మానుకుంది.

ఆ మొండితనం ఊరికే వచ్చింది కాదు. చెరువుల్లో చేపలు పట్టే హక్కుకు టెండరు వేసే సర్కారు పోర్టల్ ఒకటుంది. అందులో కాగితం మీద సంతకం చెల్లదు, పెన్‌డ్రైవు లాంటి డాంగిల్ గుచ్చి డిజిటల్ సంతకం చేయాలి. ఆ పేజీ కట్టిన రోజుల్లో, డాంగిల్‌ను పలకరించే పనిని పాత బ్రౌజర్‌లో మాత్రమే నడిచే ఒక చిన్న ప్రోగ్రాముకు అప్పగించారు. తర్వాత వచ్చిన బ్రౌజర్లు అలాంటి ప్రోగ్రాములను లోపలికి రానివ్వడం మానేశాయి, ఆ దారినే దొంగలూ దూరుతున్నారని. పేజీ మాత్రం మారలేదు. దాంతో కొత్త బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుంటుంది గానీ సంతకం దగ్గర బటన్ ఉలకదు పలకదు. బుద్ధిగా అప్‌డేట్ చేసుకున్న నెట్ సెంటర్లన్నీ చేతులెత్తేశాయి. ఎక్కడో ఉన్న బోగోలు నుంచి కూడా జనం పెంచలకృష్ణ కొట్టుకే వచ్చారు. ఆయన దుప్పటి తీసి, సంతకం చేయించి పంపేవాడు.

ఒక మంగళవారం పొద్దున పదిగంటలకు రోజారమణి వచ్చింది. మత్స్యకార మహిళల సొసైటీకి ఆమె సెక్రటరీ. ఊరి చెరువు హక్కు టెండరు ఆ రోజు మూడింటికి మూసేస్తారు. పోయినసారి కాగితాలు ఆలస్యమై, చెరువు బయటి కాంట్రాక్టరు చేతికి పోయింది. సొంత ఊరి చెరువులో వల వేయడానికి ముప్పైనాలుగు మంది ఆడవాళ్లు మూడేళ్లు వాడి అనుమతి అడగాల్సి వచ్చింది. ఇప్పుడూ తప్పితే మరో మూడేళ్లు.

పెంచలకృష్ణ నిదానంగా దుప్పటి మడిచి, పోర్టల్ పేరు కొట్టాడు. పేజీ చూపించలేమని తెర చెప్పింది. మళ్లీ కొట్టాడు. తారీకు తప్పుంటే ఇలాగే మొరాయిస్తుందని తెర మూలనున్న గడియారం చూశాడు, సరిగ్గానే ఉంది. కేబుల్ తీసి తుడిచి పెట్టాడు. గాలిని అన్నాడు, కేబుల్ వాళ్లను అన్నాడు. పన్నెండయింది. రోజారమణి డాంగిల్‌ను చీర చెంగులో ముడేసి, విప్పి, మళ్లీ ముడేసింది.

చివరికి ఆమే మెల్లగా, వనజాక్షి దగ్గర చూద్దామా అని అడిగింది.

వనజాక్షి ఆయన దగ్గర టైపు నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు బస్టాండు దగ్గర సొంత నెట్ సెంటర్ నడుపుతోంది. అది తెరిచి రెండేళ్లయినా పెంచలకృష్ణ ఆ గడప తొక్కలేదు. ఆయన తెర వంకా చూశాడు, ముడి వంకా చూశాడు. కళ్లజోడు జేబులో పెట్టుకుని లేచాడు.

వాళ్లు రాగానే వనజాక్షి లేచి తన కుర్చీ వేసింది. సంగతి విని నవ్వలేదు గానీ ఊరుకోనూ లేదు.

“పెదనాయనా, పోయిన వారం పోర్టల్ వాళ్లు తలుపుకు కొత్త తాళం ఏసినారు. నీ మిషను కాడుండే తాళంచెయ్యి పాతది. ఇంక అది తెరవదు.”

“నా మిషనుకు ఏం రోగం లేదు గదా?”

“రోగం లేదు. దాని కాలమే అయిపోయింది.”

ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. వనజాక్షి కంప్యూటర్‌లో పేజీ ఇట్టే తెరుచుకుంది. ధరలు నింపారు, కాగితాలు ఎక్కించారు. డాంగిల్ గుచ్చి సంతకం బటన్ నొక్కారు. ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కినా అంతే. ఒంటిగంటా నలభై.

వనజాక్షి మొహం మారింది. పోయిన నెల ఇదే మిషను మీద వేరే సొసైటీకి సంతకం చేయించానంది. పాత బ్రౌజర్‌ను ఒక అప్‌డేట్ ఎప్పుడో పూర్తిగా మూసేసినా, కొత్త బ్రౌజర్ లోపలే పాత పద్ధతిలో పేజీలు చూపే ఏర్పాటు ఒకటి మిగిల్చారు. ఏ పేజీని అలా చూపాలో జాబితాలో రాయాలి. పోయిన నెల ఆమె రాసింది కూడా. మొన్న రాత్రి వచ్చిన అప్‌డేట్ దాన్ని కాస్తా పెరికేసి ఉంటుందని ఆమె అనుమానం. అప్‌డేట్‌ను వెనక్కి తీసేద్దామని కూర్చుంది.

“ఆగమ్మా,” అన్నాడు పెంచలకృష్ణ. “ఆ రాసిన జాబితా తీయి ముందు.”

తీసింది. పేరు అక్కడే ఉంది. “ఉంది గదా పెదనాయనా, మరింకేంది?” అంటూ మూసేయబోయింది. ఆయన ఆమె చెయ్యి ఆపాడు. ఊరిబళ్లో అయ్యవారు బెత్తం పట్టుకుని నేర్పిన చదువు ఆయనది. ప్రతి అక్షరం కింద వేలు పెట్టి, చివరి చుక్క దాకా పైకి చదివితే గానీ చదివినట్టు కాదు. వేలు తెర మీద కదిలింది. పోర్టల్ పేరు. పక్క గడిలో చేర్చిన తారీకు. ఆ పక్క గడిలో ఇంకో తారీకు.

“ఇది ఎప్పటిదాకా చెల్లుతుందో రాసుండారు. నిన్నటికి అయిపోయింది.”

వనజాక్షి వేళ్ల మీద లెక్కేసింది. సరిగ్గా ముప్పై రోజులు. ఒకసారి రాస్తే ఎప్పటికీ ఉంటుందని అనుకుందే గానీ పక్క గడి ఎన్నడూ చదవలేదు. అప్‌డేట్ తప్పేమీ లేదు. గడువు దాటిన పేజీని బ్రౌజర్ మామూలుగా తెరిచింది, మామూలుగా తెరిస్తే సంతకం ప్రోగ్రాముకు చోటు లేదు.

పాత పేరు తీసేసి మళ్లీ రాసింది. పేజీ మూసి తెరిస్తే ఈసారి పాత పద్ధతిలో వచ్చింది. మళ్లీ లాగిన్ అయ్యారు. డాంగిల్ పాస్‌వర్డ్ అడిగింది. రోజారమణి ఒక్కో అంకె పెదాలతో పలుకుతూ కొట్టింది. సంతకం పడింది. రెండూ ఇరవై ఆరుకు టెండరు అందినట్టు రసీదు వచ్చింది.

ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, డాంగిల్‌తో పాటు చెంగులో ముడేసింది. తర్వాత, “అన్నా, ఈసారి చెరువు మాకొస్తే మొదటి చేప మీ ఇద్దరికీ,” అంది.

“తల నాకు, తోక ఈ పిల్లకు,” అన్నాడు ఆయన.

వనజాక్షి టీ తెప్పించింది. తాగుతూ ఆయన గోడ మీది క్యాలెండర్‌ను అందుకుని, ఆ రోజు నుంచి ముప్పై లెక్కపెట్టి, ఆ గడి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. మైపాడులో మొదటి ఎస్‌టీడీ బూత్ ఎవరిదో టీ తెచ్చిన మనిషికి చెప్పాడు. జిరాక్స్ మిషను సంగతీ చెప్పాడు. పాత కంప్యూటరు మాట ఎత్తలేదు.

సాయంత్రం కొట్టుకు వచ్చి దానికి దుప్పటి కప్పాడు. దరఖాస్తులు టైపు కొట్టడానికి అదింకా పనికొస్తుంది. మరుసటి నెల ఎర్ర సున్నా రోజున, ఎవరూ పిలవకుండానే, బస్టాండు వైపు నడిచాడు.